చెరి రెండు గిన్నెలు: పేరాలో చెప్పిన వంటను కొలత చెడకుండా విడదీయడం

కిందటి వేసవిలో మా పెద్దమ్మ చెప్పిన ఆవకాయను రాసి, అమెరికాలో ఉన్న మా చెల్లెలికి పంపాను. పెద్దమ్మ ఫోన్‌లో ఒక్క ఊపున చెప్పింది. నేను దాన్ని రెండు భాగాలు చేశాను. పైన కావలసిన సరుకులు, కింద వరుస నంబర్లతో చేసే విధానం. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. నెలన్నర తిరక్కుండా చెల్లెలు ఫోటో పెట్టింది. జాడీలో పైన తెల్లగా బూజు. పెద్దమ్మ పెట్టిన ఆవకాయ ఏడాది దాకా చెక్కుచెదరదు. ఆవిడ చెప్పడంలో తప్పు లేదు, చెల్లెలు కలపడంలోనూ లేదు. నేను విడదీసేటప్పుడు ఒక్క మాట చోటు మారింది, అంతే.

ఆ తర్వాత పెద్దమ్మ మాటల్ని మళ్లీ మొదటినుంచి విని, ఆవిడ అన్నది అన్నట్టుగా రాసుకున్నాను. ఇదీ ఆ పేరా:

"పుల్లగా, గట్టిగా, పీచున్న కాయలు ఓ పది తీసుకో. కడిగి, తుడిచి, తడి లేకుండా ఆరబెట్టి టెంకతో సహా ముక్కలు కొట్టించు. జీడి తీసేసి, టెంకకి లోపల అంటుకున్న పొర కూడా తీసి, ప్రతి ముక్కా పొడిబట్టతో తుడవాలి. ముక్కలు ఎనిమిది గిన్నెలైతే కారం, ఆవపిండి చెరి రెండు గిన్నెలు, ఎండబెట్టి దంచిపెట్టుకున్న ఉప్పు గిన్నెన్నర. పావు గిన్నె మెంతులు, చెంచాడు పసుపు కూడా కలుపు. రెండు గిన్నెల పప్పునూనె బేసిన్‌లో పోసుకుని, ముక్కలు గుప్పెడు గుప్పెడు అందులో ముంచి తీసి, పొడిలో దొర్లించి జాడీలో వేస్తూ పో. మిగిలిన పొడీ నూనే పైన వేసేసి మూత పెట్టి గుడ్డ కట్టెయ్. మూడోరోజు తిరగకలిపి, ఉప్పు చూసుకుని, చాలకపోతే వేసుకుని, ఇంకో గిన్నె నూనె పొయ్యి. వెల్లుల్లి ఇష్టమైతే రెండు పాయలు ఒలిచి పొడిలోనే కలిపెయ్యొచ్చు. ఆవాలు మాత్రం ముందురోజే ఎండలో పెట్టుకోవడం మర్చిపోకు."

పెద్దమ్మ పక్కన నిలబడి చూసే మనిషికి ఇంతకంటే చక్కగా ఎవరూ చెప్పలేరు. కానీ పేరా చదువుతూ ఒంటరిగా వంట చేసే మనిషికి రెండు వేర్వేరు సమయాల్లో రెండు వేర్వేరు సంగతులు కావాలి. కొట్టుకి వెళ్లేటప్పుడు ఏవి, ఎంతెంత అన్నది కావాలి. చేతులకి కారం అంటుకుని ఉన్నప్పుడు తర్వాతేమిటి అన్నది కావాలి. ఆఖరి వాక్యంలో ఆవాలు ముందురోజే ఎండబెట్టమన్న సంగతి, ముక్కలు కొట్టించాక చదివిన మనిషికి ఎందుకూ పనికిరాదు.

ఈ విడదీత కొత్తదేమీ కాదు, అలాగని అనాదిగా ఉన్నదీ కాదు. ఇంగ్లండులో ఎలైజా యాక్టన్ 1845లో తన వంటల పుస్తకంలో ప్రతి వంట చివరా సరుకులనూ కొలతలనూ విడిగా ఇచ్చింది. 1861లో ఇసబెల్లా బీటన్ ఆ జాబితాను వంటకు ముందుకు తెచ్చింది. ఇప్పుడు మనకు అలవాటైన రూపం అదే. జాబితా చివర్నుంచి మొదటికి రావడం చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, చదివే మనిషి పని మొదలుపెట్టే ముందే అన్నీ ఉన్నాయో లేదో చూసుకోగలగడం దానివల్లే.

సరే, మన పేరాకి వద్దాం. విడదీయడానికి కూర్చున్నవాళ్లు ముందు చేసే పని సరుకుల పేర్లు ఏరుకోవడం. నేనూ అలాగే చేశాను. కాయలు, కారం, ఆవపిండి, ఉప్పు అని రాసుకుంటూ పోయి, పక్కన అంకెలు వేశాను. ఇప్పుడు తిరగేసి చేస్తున్నాను. ముందు పేరాలో కొలత చెప్పే మాటలన్నిటి కిందా పెన్సిల్‌తో గీత గీస్తాను. అవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి మూలన రాసుకుంటాను. ఈ పేరాలో పది ఉన్నాయి: ఓ పది, ఎనిమిది గిన్నెలు, చెరి రెండు, గిన్నెన్నర, పావు గిన్నె, చెంచాడు, రెండు గిన్నెలు, మూడోరోజు, ఇంకో గిన్నె, రెండు పాయలు. చివర్న ఈ పదీ ఎక్కడెక్కడికి చేరాయో చూపించగలిగితే విడదీత సరిగ్గా వచ్చినట్టు. ఒక్కటి తప్పిపోయినా, లేనిది ఒక్కటి పుట్టుకొచ్చినా మళ్లీ మొదటికి వెళ్లాల్సిందే.

అంకె ఒక్కటే చూస్తే చాలదు, దానికి అటూ ఇటూ ఉన్న చిన్న మాటలు చూడాలి. తెలుగులో కొలతని మార్చేసే మాటలు చాలా చిన్నవి, చదువుతుంటే కంటికి ఆనవు.

"ఓ పది" అన్నప్పుడు ఆ "ఓ" ఊరికే రాలేదు. అటూ ఇటూగా పది అని అర్థం. దాన్ని జాబితాలో "10" అని రాస్తే పెద్దమ్మ చెప్పనిది మనం చెప్పినట్టు. "సుమారు 10" అని రాయాలి. కొలతని ఉన్నదున్నట్టు ఉంచడమంటే కచ్చితమైనదాన్ని కచ్చితంగా ఉంచడమొక్కటే కాదు, ఉజ్జాయింపుని ఉజ్జాయింపుగానే ఉంచడం కూడా. పైగా ఈ వంటలో అసలు కొలత కాయల లెక్క కాదు. కాయలు చిన్నవీ పెద్దవీ ఉంటాయి. పది కాయలకి ఏడు గిన్నెల ముక్కలు రావచ్చు, తొమ్మిదీ రావచ్చు. "ముక్కలు ఎనిమిది గిన్నెలైతే" అన్న మాటతో పెద్దమ్మ మిగతా కొలతలన్నిటినీ ముక్కలకి ముడేసింది. కాయల లెక్క కొట్టులో అక్కరకొస్తుంది, గిన్నెల లెక్క కలిపేటప్పుడు. ఒకటి ఉంచి రెండోది తీసేస్తే వంట కుంటుపడుతుంది. రెండూ ఒకే వరుసలో పక్కపక్కన ఉండాలి.

"చెరి రెండు" దగ్గర చాలామంది పొరపాటు పడతారు. కారం రెండు, ఆవపిండి రెండు, మొత్తం నాలుగు గిన్నెలు. విడదీసేటప్పుడు "కారం, ఆవపిండి – 2 గిన్నెలు" అని ఒకే వరుసలో రాస్తే చదివేవాళ్లు చెరొక గిన్నె వేసుకునే ప్రమాదముంది. ఎనిమిది గిన్నెల ముక్కలకి గిన్నె కారమంటే ఆ ఆవకాయకి రంగూ ఉండదు, ఘాటూ ఉండదు. అందుకే "చెరి", "తలా", "ఒక్కో" అన్న మాట కనిపించిన చోట ఆ వరుసని ఎన్ని సరుకులుంటే అన్ని వరుసలుగా చీల్చి, ప్రతిదానికీ దాని కొలత విడిగా రాసేయాలి. పులిహోర పోపులో "శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు ఒక్కో చెంచా" అన్నా ఇదే కథ. అయితే "చెరి సగం" అన్నది వేరు. "కందిపప్పు, పెసరపప్పు చెరి సగం కలిపి గిన్నెడు" అంటే ఒక్కోటి అరగిన్నె. "చెరి" చూడగానే పక్కన ఏముందో కూడా చూసుకోవాలి.

భిన్నాల సంగతీ ఉంది. గిన్నెన్నర అంటే 1½, గిన్నెంబావు అంటే 1¼, ముప్పావు అంటే ¾. ఇవి పెద్దవాళ్లకి నోటికి వచ్చినవే గానీ ఇప్పటి పిల్లల్లో చాలామంది తడబడతారు. తెలంగాణలో "అద్దపావు" అంటారు, అంటే పావులో సగం. కిలో లెక్కలో 125 గ్రాములు. దాన్ని అర అనో పావు అనో రాసేస్తే సరుకు నాలుగింతలో రెండింతలో అయిపోతుంది. అందుకే జాబితాలో అంకె వేసినా, నేను పేరా కూడా పారేయకుండా కాగితం వెనకే ఉంచుతాను. అనుమానమొస్తే అసలు మాట చూసుకోవడానికి.

ఇక చెల్లెలి జాడీ సంగతి. పెద్దమ్మ అన్నది "ఎండబెట్టి దంచిపెట్టుకున్న ఉప్పు గిన్నెన్నర". నేను జాబితాలో రాసింది "ఉప్పు – 1½ గిన్నెలు, ఎండబెట్టి దంచాలి". మాటలు అవే, చోటు వేరు. పెద్దమ్మ మాటలో ముందు దంచడం, తర్వాత కొలవడం. నేను రాసినదాంట్లో ముందు కొలవడం, తర్వాత దంచడం. చెల్లెలు నేను రాసినట్టే గిన్నెన్నర కల్లుప్పు కొలిచి దంచింది. కల్లుప్పు పలుకుల మధ్య సందులుంటాయి. దంచితే ఆ సందులు పోయి గిన్నెన్నర కాస్తా తగ్గిపోతుంది. ఆవకాయని కాపాడేది ఉప్పే. అది తగ్గితే ముక్క మెత్తబడుతుంది, పైన బూజు కడుతుంది. మూడోరోజు రుచి చూసుకుంటే తెలిసేది కదా అనొచ్చు. అక్కడ చెల్లెలికి రుచి చూసే అలవాటు లేదు, నేను రాసిన అంకె మీదే ఆధారపడింది.

ఆవపిండి దీనికి సరిగ్గా ఎదురు. గుండ్రటి ఆవాలు గిన్నెలో దగ్గరగా సర్దుకుంటాయి, దంచిన పొడి గుల్లగా ఉంటుంది. రెండు గిన్నెల ఆవాలు దంచితే పిండి సాధారణంగా రెండు గిన్నెల కంటే ఎక్కువే వస్తుంది. "ఆవపిండి 2 గిన్నెలు" అన్నదాన్ని "ఆవాలు 2 గిన్నెలు" అని రాసేస్తే ఆవ ఎక్కువై చేదు తగులుతుంది. కొనేది ఆవాలే కదా, జాబితాలో ఆవాలనే రాద్దాం అనిపించడం సహజం. కానీ పెద్దమ్మ కొలిచింది పిండిని. ఎన్ని ఆవాలు కొనాలో ఆవిడ చెప్పలేదు, కాబట్టి జాబితా కూడా చెప్పకూడదు.

ఇందులోంచి నేను పట్టుకున్న పద్ధతి ఒక్కటే. కొలత ఏ స్థితిలో ఉన్న సరుకుకి చెప్పారో, ఆ స్థితి సరుకు పేరుకి ముందు రావాలి. దంచిన ఉప్పు, తరిగిన కొత్తిమీర, తురిమిన కొబ్బరి, నానబెట్టిన పప్పు. కొలిచాక చేయాల్సిన పని ఏదైనా ఉంటే అది అంకె తర్వాత రావాలి, లేదా అసలు జాబితాలో కాకుండా విధానంలోకి పోవాలి. "గిన్నె మినప్పప్పు నానబెట్టి" అన్నదీ "నానబెట్టిన మినప్పప్పు గిన్నె" అన్నదీ ఒకటి కాదు. నానితే పప్పు ఉబ్బుతుంది కాబట్టి రెండోదాంట్లో పప్పు చాలా తక్కువ. గారెల పిండి దగ్గర ఈ తేడా వెంటనే తెలిసిపోతుంది.

తర్వాతది నూనె. పేరాలో నూనె రెండు చోట్ల వస్తుంది. మొదటిరోజు రెండు గిన్నెలు, మూడోరోజు "ఇంకో గిన్నె". "ఇంకో" అన్న మాటే చెబుతోంది, ఇది ముందుదాంట్లోది కాదు, దానికి అదనం అని. కొట్టులో కొనేవాళ్లకి మొత్తం తెలియాలి కాబట్టి జాబితాలో 3 గిన్నెలు అని ఉండాలి. కానీ 3 అని మాత్రమే రాసి, విధానంలో "ముక్కలు నూనెలో ముంచాలి" అని వదిలేస్తే చదివేవాళ్లు మూడు గిన్నెలూ మొదటిరోజే బేసిన్‌లో పోసేస్తారు. మూడోరోజు వచ్చేసరికి పోయడానికి నూనె ఉండదు. ఇంకో గిన్నె కొని పోస్తే మొత్తం నాలుగవుతుంది. అందుకే సరుకు రెండు విడతలుగా పడే చోట జాబితాలో మొత్తం, పక్కనే విడతలు, విధానంలో ఏ అడుగులో ఎంత అన్నది మళ్లీ రాయాలి. ఒకే అంకె రెండుసార్లు రాయడం బాగుండదని నేను మొదట్లో అనుకునేవాణ్ని. వంటింట్లో అది అవసరం.

ఉప్పు కూడా రెండు చోట్ల వస్తుంది, కానీ రెండోసారి అంకె లేదు. "చాలకపోతే వేసుకుని" అంది పెద్దమ్మ. ఇక్కడ మన చేతులు ఊరుకోవు, "2 చెంచాలు" అనో "అర గిన్నె" అనో రాయాలనిపిస్తుంది. రాయకూడదు. ఆవిడ రుచికి వదిలేసింది, మనమూ వదిలేయాలి. "రుచి చూశాక కావలిస్తే మరికొంత" అని రాస్తే చాలు. తగినంత అన్నచోట తగినంత అనే ఉండాలి. నిమ్మకాయంత చింతపండు అన్నచోట నిమ్మకాయంతే ఉండాలి. దాన్ని గ్రాముల్లోకి మార్చిన మరుక్షణం ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

విధానంలో వరుస ఎలా కట్టాలన్నది వేరే చిక్కు. తెలుగు వాక్యం ఇందులో ఒక చోట సాయం చేస్తుంది, ఇంకో చోట దాచిపెడుతుంది. "కడిగి, తుడిచి, ఆరబెట్టి, కొట్టించు" అన్నప్పుడు పనులు జరిగే వరుసలోనే మాటలు నడుస్తాయి. వాటిని అలాగే తీసుకుని, మధ్యలో ఎదురుచూడాల్సిన చోటో, గిన్నె మారే చోటో కొత్త నంబరు వేస్తే సరిపోతుంది. ప్రతి క్రియకీ ఒక నంబరు వేస్తే ఆవకాయకి ఇరవై అడుగులవుతాయి, ఎవరూ చదవరు.

దాచిపెట్టే మాట "పెట్టుకున్న". "దంచిపెట్టుకున్న ఉప్పు" అన్నప్పుడు ఒక పని ఎప్పుడో ముందే అయిపోయిందని ఆ మాట చెబుతోంది. కానీ ఎక్కడ, ఎప్పుడు అన్నది పేరాలో ఇంకెక్కడా లేదు. "నానబెట్టుకున్న", "వేయించిపెట్టుకున్న", "తరిగి ఉంచిన" అన్నవన్నీ ఇలాంటివే. పేరాలో అవి మధ్యలో వస్తాయి, పనిలో మాత్రం మొదట్లో ఉంటాయి. ఇలాంటి మాట కనబడిన ప్రతిచోటా ఒక అడుగు పైకి తీసుకెళ్లాలి. పెద్దమ్మ చివర్లో గుర్తుచేసుకుని చెప్పిన ఆవాల ఎండా అక్కడికే చేరుతుంది. వెల్లుల్లి సంగతీ అంతే. చివర చెప్పినా "పొడిలోనే" అంది కాబట్టి అది పొడి కలిపే అడుగులోకి వెళ్లాలి.

ఇవన్నీ చూసుకుని మళ్లీ రాసినది ఇది.

ఆవకాయ (8 గిన్నెల ముక్కలకి; అన్నిటికీ ఒకే గిన్నె వాడాలి)

కావలసినవి:
- పుల్లగా, గట్టిగా ఉన్న పీచు మామిడికాయలు – సుమారు 10 (ముక్కలు కొట్టి, తుడిచాక 8 గిన్నెలు)
- కారం – 2 గిన్నెలు
- ఆవపిండి – 2 గిన్నెలు (ఎండబెట్టిన ఆవాలు దంచినది)
- ఎండబెట్టి దంచిన ఉప్పు – 1½ గిన్నెలు. మూడోరోజు రుచి చూశాక కావలిస్తే మరికొంత
- మెంతులు – ¼ గిన్నె
- పసుపు – 1 చెంచాడు
- వెల్లుల్లి – 2 పాయలు, ఒలిచినవి (ఇష్టమైతేనే)
- పప్పునూనె – మొత్తం 3 గిన్నెలు (మొదటిరోజు 2, మూడోరోజు 1)

చేసే విధానం:
1. ముందురోజు ఆవాలు ఎండలో పెట్టాలి. ఉప్పు కూడా ఎండబెట్టుకోవాలి.
2. ఎండిన ఆవాలు, ఉప్పు విడివిడిగా దంచి పెట్టుకోవాలి.
3. కాయలు కడిగి, తుడిచి, తడి లేకుండా ఆరబెట్టి, టెంకతో సహా ముక్కలు కొట్టించాలి.
4. జీడి తీసేసి, టెంక లోపలి పొర కూడా తీసి, ప్రతి ముక్కనీ పొడిబట్టతో తుడవాలి. ముక్కలు గిన్నెతో కొలవాలి. 8 గిన్నెలు ఉండాలి.
5. కారం 2 గిన్నెలు, ఆవపిండి 2 గిన్నెలు, దంచిన ఉప్పు 1½ గిన్నెలు, మెంతులు ¼ గిన్నె, పసుపు 1 చెంచాడు కలపాలి. వెల్లుల్లి వేసుకునేవాళ్లు ఒలిచి ఇందులోనే కలపాలి.
6. బేసిన్‌లో 2 గిన్నెల నూనె పోసుకుని, ముక్కలు గుప్పెడు చొప్పున ముంచి తీసి, పొడిలో దొర్లించి జాడీలో వేయాలి.
7. మిగిలిన పొడి, బేసిన్‌లో మిగిలిన నూనె పైన వేసేసి మూత పెట్టి గుడ్డ కట్టాలి.
8. మూడోరోజు తిరగకలిపి ఉప్పు రుచి చూడాలి. చాలకపోతే వేసుకుని, 1 గిన్నె నూనె పోయాలి.

ఇప్పుడు పెన్సిల్ గీతల లెక్క. పేరాలో పది. "ఓ పది", "ఎనిమిది" కాయల వరుసలో ఉన్నాయి. "చెరి రెండు" రెండు వరుసలయింది. గిన్నెన్నర, పావు, చెంచాడు, రెండు పాయలు వాటి వాటి వరుసల్లో ఉన్నాయి. "రెండు గిన్నెలు", "ఇంకో గిన్నె" కలిసి నూనె వరుసలో 3 అయ్యాయి, బ్రాకెట్‌లో 2, 1గా కూడా ఉన్నాయి. "మూడోరోజు" విధానంలో ఎనిమిదో అడుగులో ఉంది. పదీ చేరాయి. మనం కొత్తగా వేసిన అంకె ఒక్కటే, నూనె దగ్గరి 3. అది పేరాలోని రెండు అంకెల మొత్తం. ఇంకొక పరీక్ష, విధానంలో నూనె ఉన్న అడుగులన్నీ వెతికి కలపడం. ఆరో అడుగులో 2, ఎనిమిదిలో 1. ఏడో అడుగులోది ఆరోదాంట్లో మిగిలిందే కాబట్టి లెక్కలోకి రాదు. 3తో సరిపోయింది. "బేసిన్‌లో మిగిలిన" అని నేను ఒక్క మాట కలిపాను. అది లేకపోతే "మిగిలిన నూనె" అన్నప్పుడు మూడోరోజుకని ఉంచిన గిన్నె కూడా పోసేస్తారేమోనని.

ఇక గిన్నె సంగతి. పెద్దమ్మ గిన్నె ఎంతదని చెల్లెలు అడిగింది. నిజానికి ముక్కలు, కారం, ఆవపిండి, ఉప్పు, మెంతులు, నూనె అన్నీ ఒకే గిన్నెతో కొలిచినంత కాలం గిన్నె ఎంతదైనా ఫరవాలేదు, నిష్పత్తి చెడదు. చెడేవి చెంచాడు పసుపు, రెండు పాయల వెల్లుల్లి, పది కాయలు. గిన్నె పెద్దదైతే కాయలు చాలవు. అందుకే నేను పండక్కి పెద్దమ్మ ఇంటికి వెళ్లినప్పుడు ఆ గిన్నెలో నీళ్లు పోసి కొలిచాను. 350 మిల్లీలీటర్లు పట్టింది. ఆ అంకెని జాబితాలో గిన్నె అన్న మాటకి బదులు రాయలేదు. కింద విడిగా ఒక్క వాక్యంలో రాశాను. గిన్నెలన్నీ కొట్టేసి మిల్లీలీటర్లు రాస్తే 525, 87.5 లాంటి అంకెలొస్తాయి. అవి చూడ్డానికి కచ్చితంగా ఉంటాయి గానీ ఏ వంటింట్లోనూ వాటిని కొలవలేరు. గ్రాములైతే ఇంకా కష్టం. గిన్నె కారం బరువూ, గిన్నె ఉప్పు బరువూ ఒకటి కావు. తూకం వేసి చూడకుండా రాసిన గ్రాములు ఊహలే.

గిన్నెకి బదులు "కప్పు" అని రాసేవాళ్లు ఒకటి చూసుకోవాలి. అమెరికాలో కప్పు అంటే దాదాపు 237 మిల్లీలీటర్లు, కొన్ని దేశాల్లో 250. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180. టేబుల్ స్పూన్ చాలా చోట్ల 15 మిల్లీలీటర్లయితే ఆస్ట్రేలియాలో 20. చదివేవాళ్లు ఏ దేశంలో ఉన్నారో మనకి తెలియదు కాబట్టి, అసలు పేరాలో గిన్నె అని ఉంటే గిన్నె అనే రాయడం మేలు. పాతకాలం కాగితాల్లో సోల, తవ్వ, మానిక కనిపిస్తే వాటినీ అలాగే ఉంచాలి. వాటి మధ్య లెక్క తెలిస్తే చాలు: నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. "మానిక ముక్కలకి సోల కారం" అంటే నాలుగింట ఒక వంతు కారమని దీంతోనే తెలిసిపోతుంది. పెద్దమ్మ లెక్కా అదే కదా, ఎనిమిదికి రెండు.

రాసినదాన్ని పెద్దమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను. అన్నీ విని, వెల్లుల్లి దగ్గర ఆపింది. రెండు పాయలంటే నువ్వేమనుకున్నావని అడిగింది. వెల్లుల్లిలో పాయ అంటే గడ్డ మొత్తం, రెబ్బ అంటే అందులోని ఒక్కో ముక్క అని పుస్తకాల్లో ఉంటుంది. కానీ చాలా ఇళ్లల్లో పాయ అని రెబ్బనే అంటారు. ఆ అనుమానంతోనే నేను దాన్ని మార్చకుండా ఆవిడ మాటగానే ఉంచాను. కరివేపాకు రెబ్బ ఇంకో రకం, అది ఆకులతో ఉన్న కొమ్మ. "గడ్డలే నాన్నా, ఎనిమిది గిన్నెల ముక్కలకి రెండు రెబ్బలు ఏ మూలకి?" అంది. జాబితాలో ఆ వరుస మార్చాను: వెల్లుల్లి – 2 పాయలు, అంటే పూర్తి గడ్డలు, ఒలిచినవి, ఇష్టమైతేనే. ఆ కాగితం చెల్లెలికి పంపాను. ఈసారి ఉప్పు దంచాకే కొలిచానని మెసేజ్ పెట్టింది.